పసుపు పూసిన సెలవు చీటీ

కుడిచేయి గోదావరి నీళ్లలో ముంచి చెబుతున్నాను. ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. ఎడమచేయి మా కలప డిపో రిజిస్టరు మీద పెట్టి కూడా ప్రమాణం చేసేవాణ్ణే గానీ, ఆ రిజిస్టరు మీద చేసిన ప్రమాణం ఎక్కడా చెల్లదని మా పై అధికారి ఒకప్పుడు నలుగురిలో అన్నాడు. అందుకని గోదావరితోనే సరిపెడుతున్నాను. నమ్మేవాళ్లు నమ్మండి. నమ్మనివాళ్లకు ఈ కథలో తోడు దొరుకుతుంది. ఇందులో నన్ను నమ్మిన మనిషి ఒక్కరూ లేరు.

ఎనభైల నడిమి సంవత్సరాల మాట. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే రోడ్డు మీద ఒక ఊళ్లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను అటవీ శాఖ కలప డిపోలో గుమస్తాను. దుంగల లెక్క రాయడం నా ఉద్యోగం. సెలవు చీటీలు రాయడం నా విద్య. డిపోలో ఎవరికి సెలవు కావాలన్నా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. జ్వరమా, పురుడా, పొలం తగాదానా అని నేను అడిగేవాణ్ణి కాదు. "ఎన్ని రోజులు?" అని మాత్రమే అడిగేవాణ్ణి. రోజులను బట్టి కారణం నేనే పుట్టించేవాణ్ణి. రెండు రోజులకైతే వాంతులు. వారానికైతే దగ్గరి బంధువు. పది దాటితే ఇల్లు కాలాల్సిందే.

ఆ విద్య ఇంట్లోకి కూడా వచ్చింది. నా కూతురు భద్రాచలంలో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి చదువుతుండేది. చదువు ఇంగ్లీషులోనే అయినా తల్లిదండ్రుల ఉత్తరాలు తెలుగులో రాయవచ్చు. రాశాను. ముదిగొండలో మా వాళ్ల పెళ్లికి వెళ్లినప్పుడు పిల్లకు చెవి పోటని రాశాను. వైరాలో మా బావమరిది గృహప్రవేశానికి మా అత్తగారు పోయిందని రాశాను. ఆ గృహప్రవేశంలో పాలు పొంగించింది మా అత్తగారే. ఒకసారి పిల్ల బస్సు అందుకోలేకపోతే, రోడ్డుకు అడ్డంగా ఎలుగుబంటి పడుకుందనీ, బస్సువాళ్లు అది లేచేదాకా ఆగారనీ రాశాను. మా వైపు అడవి చూసినవాళ్లెవరూ దాన్ని పూర్తిగా అబద్ధమనలేరు.

ఆ ఏడు మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున పిల్ల లేవలేదు. ఒళ్లు వెచ్చగా ఉంది. తల దువ్వుతుంటే మెడ వెనక రెండు ఎర్రటి మచ్చలు కనపడ్డాయని నా భార్య చెప్పింది. దోమలే అన్నాను. మధ్యాహ్నానికి వీపు మీద, పొట్ట మీద పొడుచుకొచ్చాయి. సాయంత్రానికి అందులో కొన్ని చిన్న చిన్న నీటి పొక్కులయ్యాయి, మంచు బొట్లు అంటించినట్టు. మా అమ్మ దీపం దగ్గరగా తెచ్చి ఒక్కసారి చూసింది. దీపం కింద పెట్టి చేతులు జోడించింది.

"ఆటలమ్మ వచ్చింది. ఎవ్వలూ నోరు జారకుండ్రి. రోగమనొద్దు. జల్దీ యాపమండలు తెండి."

ఆ గంట నుంచి ఇల్లు మా అమ్మ చేతిలోకి పోయింది. పక్కగదిలో చాప పరిచి దాని మీద వేపాకు పరిచారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. పోపు బంద్. పప్పులోకి ఆవాలు లేవు, కూరలోకి కారం లేదు. గడ్డం గీయకూడదు, బట్టలు ఉతకకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. పదకొండో రోజున పసుపు, వేపాకు వేసి కాచిన నీళ్లు పోసేదాకా ఇంతే. మందు మాట ఎత్తితే అమ్మవారికి కోపం వస్తుందట. నాకూ నా భార్యకూ చిన్నప్పుడే వచ్చి పోయింది. నా ముక్కు మీద గుంట ఇంకా ఉంది. అందుకని మాకు భయం లేదు. పిల్లకు మాత్రం దురద. గోకితే మచ్చలు పడతాయని నా భార్య దాని గోళ్లు కత్తిరించి, వేపరెమ్మతో నిమురుతూ కూర్చుంది.

"నాన్నా, బడికి చీటీ రాయవా?" అని అడిగింది పిల్ల లోపల నుంచి. "ఈ నెలలోనే పరీక్షకి పేర్లు పంపుతరంట."

ఏడో తరగతికి అప్పుడు జిల్లా మొత్తానికి ఒకటే పరీక్ష. పరీక్ష రాసేవాళ్ల పేర్ల పట్టిక బడి నుంచి ముందుగానే పోవాలి. అందులో పేరు లేకపోతే ఆ ఏడు అంతే. మళ్లీ ఏడే చదవాలి. పిల్లకు ఉన్న బెంగ అదొక్కటే. ఒంటి మీద పొక్కుల సంగతి దానికి రెండోది.

రాశాను. నా జీవితంలో పిల్ల గురించి బడికి రాసిన మొదటి నిజమైన చీటీ. "గౌరవనీయులైన ప్రిన్సిపల్ గారికి, నా కుమార్తెకు ఆదివారము నుండి జ్వరముతో కూడిన ఆటలమ్మ పొక్కులు వచ్చినవి. ఇది అంటుకొను స్వభావము గలది గనుక ఇతర పిల్లల క్షేమము దృష్ట్యా ఆమెను ఇంటి వద్ద వేరుగా ఉంచినాము. కావున..." అని రోజుల దగ్గర ఆగాను. మా అమ్మ లెక్క పదకొండు. నా కలం పదకొండు రాయనంది. డిపోలో ఎప్పుడూ నాలుగు రోజులు కావాలంటే ఆరు రాసేవాణ్ణి, పై అధికారి రెండు కొట్టేస్తాడని. చేయి అలవాటు కొద్దీ పదహారు రాసింది.

చీటీ మడవబోతుంటే మా అమ్మ లాక్కుంది.

"ఏందిరా, అమ్మ ఇంట్ల ఉండంగ గడప దాటే కాయితం గిట్ల బోడిగ పోతదా?"

"అది బడికి పోయే చీటీ అమ్మా. దేవుడికి కాదు."

"ఆమె సంగతే గద రాసినవ్. ఆమె చూడదా?"

నాలుగు మూలలా పసుపు పూసింది. సరిపోదని నడుమ ఒక బొట్టు పెట్టింది. నేను వద్దనలేదు. పసుపే కదా అనుకున్నాను.

సోమవారం పొద్దున బస్సెక్కి భద్రాచలం పోయాను. ఆ ప్రిన్సిపల్ మేడమ్ కోస్తా వైపు నుంచి వచ్చినావిడ. సన్నగా, పొడుగ్గా, స్కేలులా ఉండేది. ఆవిడ వరండాలోకి వస్తే వేపచెట్టు మీది కాకులు కూడా వరసలో కూర్చునేవని చెబితే మీరు నమ్మరు గనక చెప్పను. నేను అమ్మవారున్న ఇంటి నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి గది లోపలికి పోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాను. బడి ఆయా చీటీ తీసుకుపోయి బల్ల మీద పెట్టింది.

మేడమ్ చీటీని ముట్టుకోకముందే దాని మూలలు చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత చదివింది.

"పదహారు రోజులు" అంది.

"అవునండి."

"మాఘమాసం."

"అవునండి."

"మూలలకి పసుపు."

"మా అమ్మ పూసిందండి."

"పూస్తారు. శుభలేఖకి పెద్దవాళ్లే పూస్తారు." చీటీని బల్ల మీద పెట్టి అరచేత్తో అదిమింది. "పెళ్లికొడుకు ఏం చేస్తాడు?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు వచ్చింది. నవ్వడం నేను చేసిన రెండో తప్పు.

"నవ్వుతున్నారు. పన్నెండేళ్ల పిల్లకి పెళ్లి చేస్తూ నవ్వుతున్నారు."

"పెళ్లేంటండీ! ఆటలమ్మ అని రాశాను కదండీ!"

"రాశారు." ఆవిడ సొరుగులోంచి ఒక అట్ట ఫైలు తీసింది. దాని మీద నా కూతురి పేరుంది. లోపల నా చీటీలన్నీ వరసగా దారంతో కుట్టి ఉన్నాయి. "చెవి పోటు. ఆ వారం మీ పిల్ల గోరింటాకుతో వచ్చింది. ఇదిగో, అమ్మమ్మ మరణం. నిరుడు దసరా తర్వాత ఆ అమ్మమ్మే వచ్చి పిల్లని ఇంటికి తీసుకెళ్లింది. నేను ఆవిడతో మాట్లాడాను. ఆరోగ్యంగా ఉన్నారు. ఇది ఎలుగుబంటి. ఇది చదవనా?"

గుమ్మం దగ్గర ఆయా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దండి."

"ఇన్నాళ్లూ ఊరుకున్నాను. చెవి పోటూ ఎలుగుబంటీ పిల్ల చదువుకి అడ్డం రాలేదు. ఇది వస్తుంది." ఆవిడ గొంతు పెరగలేదు. తగ్గింది. "నిరుడు ఇదే మాసంలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి. వాళ్ల నాన్న కామెర్లని చీటీ తెచ్చాడు. నమ్మి సంతకం పెట్టాను. నెల తర్వాత బస్టాండులో కనపడింది. కాలికి మెట్టెలు. నన్ను చూసి తల దించుకుంది. మీరు రాసింది పదహారు రోజులు. పెళ్లి, పదహారు రోజుల పండగ, అన్నీ కలిపి సరిగ్గా సరిపోతాయి. ఇంకో సంతకం నేను పెట్టను."

"నిజంగానే పొక్కులండీ!"

"అయితే డాక్టరు సర్టిఫికెట్ తెండి. లేదా పిల్లని నాకు చూపించండి. శనివారం పేర్ల పట్టిక పోతుంది. సెలవు మంజూరు కాకుండా పది పనిదినాలు రాకపోతే రిజిస్టరులో పేరు కొట్టేయాలి. మీరడిగినవాటిలో పదమూడు పనిదినాలున్నాయి. కొట్టేయబోయే పేరుని పట్టికలో ఎలా రాయను?"

"అంటువ్యాధండీ. బడికెలా తెస్తాను? క్లాసంతటికీ అంటుకుంటుంది."

"మీ చీటీలకంటేనా?" అంది. ఫైలు మూసింది. "పెళ్లి ఆపుకోండి. పేరు ఉంటుంది. లేకపోతే పోలీస్‌ స్టేషన్‌కి నేను రాసే ఉత్తరానికి పసుపు ఉండదు."

అక్కడి నుంచి నేరుగా దవాఖానాకు పోయాను, అమ్మకు చెప్పకుండా. ఓపీ వరసలో చంటిపిల్లల తల్లులు, నిండు గర్భిణులు. గంటన్నర నిలబడ్డాను. డాక్టరు కుర్రవాడు. అంతా విని కలం కింద పెట్టాడు.

"పేషెంట్‌ని చూడకుండా సర్టిఫికెట్ ఇవ్వను."

"రేపు పొద్దున్నే తీసుకొస్తా సార్."

"ఇక్కడికా?" వరస వైపు చేయి చూపించాడు. "ఆ గర్భిణుల మధ్యలోకి పొక్కులున్న పిల్లని తెస్తారా? బస్సులో ఎంతమందికి అంటిస్తారు? ఇంట్లోనే ఉంచండి. కొత్త పొక్కులు రావడం ఆగి, ఉన్నవన్నీ ఎండి చెక్కు కట్టేదాకా బయటికి పంపొద్దు. మామూలుగా వారం పడుతుంది, కొందరికి ఇంకాస్త. గోకనివ్వొద్దు. ఊపిరి ఆడకపోయినా, మగతగా పడి ఉన్నా అప్పుడు మాత్రం ఆలోచించకుండా తెండి. సర్టిఫికెట్ కావాలంటే సాయంత్రం డ్యూటీ అయ్యాక నేనే వచ్చి చూస్తాను. మీ ఊరు నా దారిలోదే."

మంచివాడు. కానీ నేను ఆ మాట ఇంట్లో చెప్పగానే మా అమ్మ గడపలో అడ్డంగా కూర్చుంది.

"డాక్టరు గీ గడప తొక్కిండంటే నేను గోదాట్ల దుంకుత. సూదిమందు వాసనకే ఆమె అలుగుతది. పిల్ల కండ్ల మీదికొస్తే ఎవలు జవాబు? నువ్వా?"

"సూది వెయ్యడే! ఊరికే చూసి కాయితం ఇస్తడు!"

"ఊరికే చూసేటోడు డాక్టరెట్లైతడు?"

నా భార్య అప్పటిదాకా లోపల పిల్ల దగ్గర ఉంది. వేపరెమ్మ చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది.

"అత్తా, మీరూర్కోండి. తప్పు మీది కాదు, పసుపుది అసలే కాదు." నా వైపు తిరిగింది. "మా అమ్మ బతికి ఉండంగ చంపినవ్. నేనేమన్నా అన్ననా? నవ్విన. నాదీ తప్పే. ఇప్పుడు నా బిడ్డ నిజంగ మంచాన పడితే నీ మాట చెల్లుత లేదు. ఏం చేస్తవ్? చెప్పు. ఇంకో ఎలుగుబంటిని తెస్తవా?"

సాయంత్రం డాక్టరు వచ్చాడు. మా అమ్మ చాటలో బూడిద పట్టుకుని నిలబడింది. అతను గేటు దగ్గరే ఆగి, నమస్కారం పెట్టి, సైకిలు తిప్పుకుని పోయాడు. అమ్మవారిని గెలిచినా గెలవొచ్చు గానీ మా అమ్మను గెలవలేనని అతనికి దూరం నుంచే తెలిసింది.

మంగళవారం నేను మళ్లీ బడికి పోతే గేటు దగ్గరే ఆయా ఆపింది. "మేడమ్ నిన్ను లోపటికి రానియ్యొద్దన్నరు సారూ. కాయితం తెచ్చినవా?" లేదన్నాను. "పిల్లను తెచ్చినవా?" లేదన్నాను. "మరి మొఖమెందుకు తెచ్చినవ్?" అంది.

బుధవారం ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. పోపులేని పప్పు గిన్నె నా ముందుకు తోసేవారు, అంతే. పక్కగదిలోంచి మాత్రం పిల్ల గంటకోసారి అడిగేది. "నాన్నా, నా పేరు రాసిండ్రా?" రాశారని చెప్పాను. మొదటిసారి నా అబద్ధం నాకే చేదుగా ఉంది. అదీ ఆ పప్పు వల్లనేమో.

గురువారం మధ్యాహ్నం బస్సు ఆగింది. అందులోంచి గొడుగు దిగింది, గొడుగు కింద ప్రిన్సిపల్ మేడమ్ దిగింది. వెనకాల ఆయా. మేడమ్ మా గుమ్మానికి కట్టిన ఆకుల వైపు చూస్తూ వచ్చింది.

"తోరణాలు కూడా కట్టారు" అంది.

"అవి మామిడాకులు కాదు మేడమ్, యాపమండలు. పెండ్లికి యాప ఎవలు కడతరు?" అంది ఆయా.

మేడమ్ ఆకులను ఇంకోసారి చూసింది. నడక కొంచెం తగ్గింది. అయినా ఆగలేదు. మా అమ్మ చాటతో సహా గడపలోకి వచ్చింది. నేను ఆ ఇద్దరి మధ్యకు వెళ్లి, రెండు చేతులూ చాపి స్తంభంలా నిలబడ్డాను.

"మేడమ్, ముందు నా మీద నుంచి దాటండి" అన్నాను.

"ఎవలమ్మా నువ్వు?" అంది మా అమ్మ. "అమ్మ ఉన్న ఇంటికి చెప్పులతోని వస్తవా?"

మేడమ్ చెప్పులు విడిచింది. "పిల్లని చూసి వెళ్లిపోతాను."

"చూడనియ్యం. బయటోళ్ల కండ్లు పడొద్దు."

"ఎందుకు పడొద్దు? మెడలో ఏముందని?"

"నోరు కడుక్కో! చదువుకున్నదానివేనా నువ్వు? నా మనమరాలు పక్కల మీద పుండ్లతోని పొర్లుతాంటే, మెడలంటది!"

"ఆ పుండ్లే చూపించమంటున్నాను."

"చూపిస్తే అంటుకుంటది నీకు. చస్తవ్."

"నాకు అంటుకోదు." మేడమ్ కుడి కనుబొమ్మ మీది చిన్న గుంట చూపించింది. "ఎనిమిదేళ్లప్పుడే వచ్చింది. మా అమ్మ కూడా వేపాకులే పరిచింది. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రావడం చాలా అరుదు. అంత ధైర్యం లేకపోతే నూటయాభై మంది పిల్లలున్న బడి నుంచి ఇక్కడికి వస్తానా? ఈవిడకీ చిన్నప్పుడే వచ్చింది, అడిగే తెచ్చాను." ఆయా తల ఊపింది.

మా అమ్మ చాట దించలేదు. నేను, "మా ఇంటి ఆచారానికి అడ్డం వస్తే ఊరుకోను!" అని గర్జించాను. సరిగ్గా అప్పుడు పక్కగది కిటికీ రెక్క తెరుచుకుంది.

పిల్ల ఊచలు పట్టుకుని నిలబడింది. ముఖమంతా పొక్కులు. కొన్ని ఇంకా ఎర్రమచ్చలే, కొన్ని నీటితో మెరుస్తున్నాయి, కొన్ని నడుమ గుంటపడి ఎండుతున్నాయి. కనురెప్ప మీద ఒకటి. జుట్టులోంచి నుదుటి మీదికి రెండు. అది గౌను చేయి పైకి మడిచి, ఊచల సందులోంచి మోచేయి బయట పెట్టింది. తర్వాత మెడ దగ్గర గౌను కొంచెం కిందికి లాగి, మెడ చూపించింది. పొక్కులు తప్ప ఏమీ లేవు.

"నాకు పెండ్లి కాలేదు మేడమ్" అంది. "నా పేరు తీసేసిండ్రా?"

నాన్న రాశారని చెప్పాడు కదా అని అది అనలేదు. దానికీ తెలుసు.

మేడమ్ కిటికీ దగ్గరికి నడిచింది. ఈసారి మా అమ్మ పక్కకు జరిగింది. మేడమ్ ఆ మోచేతిని తిప్పి చూసింది, లెక్కల పేపరు దిద్దినట్టు.

"ఎప్పుడు మొదలైంది?"

"ఆదివారం."

"శనివారం బడికి వచ్చావు. మచ్చలు రాకముందు ఒకటి రెండు రోజుల నుంచే అంటుకుంటుంది. నీ బల్ల మీద నీ పక్కనెవరు కూర్చుంటారు?"

పిల్ల ఇద్దరి పేర్లు చెప్పింది. మేడమ్ చేతిసంచీలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. "వాళ్లకి రావాలంటే రెండు మూడు వారాల్లో వస్తుంది. పరీక్షల ముందు. వాళ్ల ఇళ్లకి ఈ రోజే చెప్పాలి. సోమవారమే చెప్పాల్సింది." ఆ చివరి మాట తనతో తానే అన్నట్టుంది. ఆవిడ నోటి నుంచి నేను విన్న క్షమాపణ అదొక్కటే. అదీ నాకు కాదు.

"ఇప్పుడు సరైన చీటీ కావాలి" అంది. "ఎన్ని రోజులు?"

"పదకొండో రోజు నీళ్లు పోస్తం" అంది మా అమ్మ. "బుధవారం."

"డాక్టర్లు చెక్కు కట్టేదాకా అంటారు. వారం, పది రోజులు. మీ పదకొండు ఆ లెక్క దాటే ఉంది. సరే." మేడమ్ వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఈ వారం ఆరు, వచ్చే వారం మూడు. తొమ్మిది పనిదినాలు. గురువారం బడికి." అక్కడ ఆగింది. "తొమ్మిదే. పదకొండు రోజులని రాసి ఉంటే రిజిస్టరు జోలికి పోవాల్సిన పనే ఉండేది కాదు. ఆ అయిదు రోజులూ ఎందుకు కలిపారు?"

ఎవరూ కొట్టేయని చోట, కొట్టేస్తారని ముందే కలిపాను. కూతురి ఏడాదిని ఆ అయిదు రోజుల మీద పెట్టాను.

అప్పుడు నేను నిటారుగా నిలబడి ఒక్కో మాటా చెబుతుంటే, నా భార్య పిల్ల నోటుపుస్తకంలోంచి కాగితం చించి రాసింది. మొత్తం మూడు వాక్యాలు. "మా పాపకు ఆదివారం నుంచి ఆటలమ్మ పోసింది. బుధవారం దాకా ఇంట్లనే ఉంచుతము, పొక్కులు ఎండకపోతే ఇంకా పంపము. గురువారం పంపుతము." కింద సంతకం. మా అమ్మ పసుపు గిన్నె తెచ్చి మేడమ్ వైపు చూసింది.

"పూయండి" అంది మేడమ్. "పసుపుతో నాకు తగాదా లేదు. అంకెతోనే."

నాలుగు మూలలా పూసింది మా అమ్మ. మేడమ్ అక్కడే గొడుగు చంకలో పెట్టుకుని, కాగితం మూలన "మంజూరు" అని రాసి సంతకం పెట్టింది. పసుపు ఆవిడ బొటనవేలికి అంటింది. తుడుచుకోలేదు.

"శనివారం పట్టికలో నీ పేరుంటుంది" అంది కిటికీ వైపు. "గోకితే మాత్రం ఊరుకోను. లెక్కలు పక్కపిల్లల చేత పంపలేను. గోదావరి మీది వంతెన ఎంత పొడుగో అంత దూరంలో ఉండాలి వాళ్లు నీకు. వచ్చాక చూసి రాసుకో." తర్వాత నా భార్యతో, "ఇక నుంచి ఈ పిల్ల చీటీలు మీరు రాయాలి. మీ సంతకం ఉంటేనే తీసుకుంటాను. ఆయన చేతిరాతతో బడి గేటు దాటి ఒక్క కాగితం రాకూడదు. పండగ శుభాకాంక్షలు కూడా."

ఆవిడ నవ్వలేదు. మా అమ్మ మంచినీళ్లు ఇవ్వలేదు. అమ్మవారు ఉండగా ఇంట్లోంచి ఏదీ ఇవ్వకూడదు. ఇవ్వగలిగినా ఇచ్చేది కాదని తర్వాత చెప్పింది. ఇద్దరూ రోడ్డు మీద నిలబడి బస్సు వచ్చేదాకా ఎండలోనే ఉన్నారు. ఆయా ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

పదకొండో రోజు నీళ్లు పోశాం. గురువారం పిల్ల నల్లటి చెక్కుల ముఖంతో బస్సెక్కింది. పట్టికలో పేరుంది. పక్కన కూర్చునే ఇద్దరిలో ఒకమ్మాయికి తర్వాత పొక్కులు వచ్చాయి. వాళ్ల నాన్న తెచ్చిన చీటీని మేడమ్ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మంజూరు చేసిందని ఆయా చెప్పింది. ఆ పిల్లకు పరీక్షకు వారం ముందే చెక్కులు రాలిపోయాయి. ఇద్దరూ పరీక్ష రాశారు.

ఇక మొదట్లో గోదావరిలో ముంచిన చేయి సంగతి. చేయి ఇంకా తడిగానే ఉంది గనక చెప్పేస్తాను.

పొక్కులు నిజం. పసుపు నిజం. పదహారు నిజం, ఫైలు నిజం, ఎలుగుబంటి కూడా ఎంతో కొంత నిజం. అబద్ధం ఎక్కడంటే, ఆ గురువారం గడపలో ఇద్దరి మధ్య స్తంభంలా నిలబడ్డవాడు. అలాంటివాడు ఆ ఇంట్లో లేడు. బస్సులోంచి గొడుగు దిగడం చూడగానే నేను వేపాకు కోసుకొస్తానని ఇంటి పక్క పెరట్లోకి పోయి చెట్టెక్కాను. అక్కడి నుంచి గడపా కిటికీ రెండూ కనపడతాయి, మాటలు వినపడతాయి. నేను గర్జించానని రాసిన చోట ఎవరూ గర్జించలేదు. మేడమ్ "ఎందుకు కలిపారు?" అని అడిగింది నన్ను కాదు, నా భార్యను. ఆ చీటీ నేను చెబితే రాసింది కూడా కాదు. మూడు వాక్యాలూ ఆమెవే. అయిదో తరగతి దాకానే చదివిన మనిషి.

వాళ్లు పోయాక కూడా కాసేపు కొమ్మ మీదే ఉన్నాను. చివరికి పిల్లే కిటికీలోంచి పిలిచింది.

"నాన్నా, దిగు. మేడమ్ పోయింది. నిజంగనే పోయింది, నేను చెప్తున్న కద."

దిగాను. దాని మాట నమ్మడానికి నాకు అడ్డం ఏమీ లేదు.